చేతికి కుక్క కరిస్తే ముందు సబ్బు, తర్వాత సూది



నంద్యాల జిల్లా పగిడ్యాల దగ్గర ఒక పల్లె అనుకోండి. మిరప కోతల కాలం. ఒక అక్క పొద్దున్నే లేచి వాకిట్లో కసువు ఊడుస్తోంది. ఇంటి ముందర రెండు కుక్కలు కొట్లాడుకుంటున్నాయి. అందులో ఒకటి ఆ అక్క రోజూ ముద్ద వేసే కుక్కే. దాన్ని విడిపిద్దామని ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. కుక్క ఆ చేతినే పట్టింది. కుడిచేతి బొటనవేలి కింద రెండు పళ్ళు దిగినాయి. రక్తం కారుతోంది.

అత్త పరుగెత్తుకుంటూ వచ్చింది. "కారంపొడి అద్దు, విషం విరుగుతాది" అంది. పక్కింటి ఆమె సున్నం పట్టుకొచ్చింది. భర్త తాడు తెచ్చినాడు. "మణికట్టు పైన బిగించి కడదాం, విషం పైకి ఎక్కదు" అన్నాడు.

అంతలో ఆ వీధిలో ఉండే ఆశా కార్యకర్త వచ్చింది. "వదినా, ఏమీ పెట్టొద్దు, ఏమీ కట్టొద్దు. ముందు కొళాయి దగ్గరికి పా" అంది.

కారం వద్దని ఎందుకంది? తాడు వద్దని ఎందుకంది? ఒక్కొక్కటే చూద్దాం.

కడగడం

పిచ్చికుక్క ఎంగిలిలో రేబిస్ క్రిమి ఉంటుంది. అది కంటికి కనపడదు. కరిచినప్పుడు ఎంగిలితో పాటు గాయంలోకి దిగుతుంది. ఆ క్రిమికి పైన కొవ్వు లాంటి పొర ఉంటుంది. జిడ్డుగిన్నెను సబ్బు ఎట్లా శుభ్రం చేస్తుందో, ఆ పొరను కూడా సబ్బు అట్లాగే కరిగిస్తుంది. పొర పోతే క్రిమి బతకదు. అందుకే సబ్బే మొదటి మందు. ఒంటి సబ్బయినా, బట్టల సబ్బయినా పనికొస్తుంది.

ఆశా కార్యకర్త మొదట అక్క చేతి గాజులు, ఉంగరం తీయించింది. కాటు పడిన చెయ్యి గంటలోనే వాచవచ్చు. వాచిన తర్వాత ఉంగరం రాదు. అది వేలిని బిగించేస్తుంది.

తర్వాత కొళాయి కింద చెయ్యి పెట్టించింది. సబ్బు నురగ గాయం లోపలికి పోయేటట్టు మెల్లగా రుద్దింది. బ్రష్షుతో, పీచుతో గీరలేదు. గీరితే గాయం పెద్దదవుతుంది. ఇట్లా 15 నిమిషాలు కడిగింది. 15 నిమిషాలంటే మాటలు కాదు. రెండు నిమిషాలకే "చాల్లే" అనిపిస్తుంది. అందుకే గడియారం చూసుకోవాలి. కొళాయి లేకపోతే ఒకరు చెంబుతో పోస్తూ ఉండాలి, ఒకరు కడగాలి. చెయ్యిని బకెట్లో ముంచి ఉంచితే లాభం లేదు. పారే నీళ్ళే క్రిమిని బయటికి తీసుకుపోతాయి.

కడగడం అయిపోయినాక అయోడిన్ మందు ఉంటే పుయ్యొచ్చు. లేకపోతే ఏమీ వద్దు. కారం, సున్నం, కిరోసిన్, ఆకు పసరు, కాఫీ పొడి ఇవేవీ క్రిమిని చంపవు. గాయాన్ని మండిస్తాయి, మురికి చేస్తాయి. ఆసుపత్రిలో వాటిని మళ్ళీ కడిగి తీయాల్సి వస్తుంది.

రక్తం ఆపడం

కడిగేటప్పుడు కొంచెం రక్తం పోతే భయపడనక్కర్లేదు. కడగడం ఆపకూడదు. కానీ రక్తం చిమ్ముతూ ఉంటే, ధారగా ఆగకుండా పోతూ ఉంటే, ముందు రక్తం ఆపాలి. 108కి ఫోన్ చెయ్యాలి. కడగడం ఆ తర్వాత.

రక్తం ఆపేది ఎట్లా? ఉతికిన నూలు గుడ్డ మడత పెట్టి గాయం మీద ఉంచాలి. అరచేత్తో గట్టిగా అదమాలి. చెయ్యిని గుండె కంటే ఎత్తులో పట్టుకోవాలి. 10 నిమిషాలు అట్లాగే అదిమి ఉంచాలి. మధ్యలో "ఆగిందా లేదా" అని గుడ్డ తీసి చూడకూడదు. తీస్తే గడ్డకట్టిన రక్తం ఊడి మళ్ళీ కారుతుంది. గుడ్డ తడిసిపోతే దాన్ని తీయకుండా పైన ఇంకో గుడ్డ వెయ్యాలి.

మరి తాడు? రేబిస్ క్రిమి రక్తంలో పరుగెత్తదు. నరాల వెంట పోతుంది. తాడు కట్టినంత మాత్రాన అది ఆగదు. పైగా బిగించిన తాడు చేతికి రక్తం అందకుండా చేస్తుంది. వేళ్ళు చల్లబడి, నల్లబడి, చెయ్యికే మోసం వస్తుంది.

రక్తం ఆగినాక గాయాన్ని గట్టిగా కట్టకూడదు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పాలి. కుట్లు కూడా తొందరపడి వేయించుకోకూడదు. కుట్టేటప్పుడు సూది క్రిమిని ఇంకా లోపలికి నెట్టగలదు. కుట్లు తప్పదనుకుంటే డాక్టరు ముందు గాయంలో మందు ఎక్కించి, తర్వాతే వేస్తారు.

సూది కావాలా, వద్దా?

అక్కను నందికొట్కూరు ఆసుపత్రికి తీసుకుపోదామన్నారు. అత్త అడ్డం పడింది. "అది మనం ముద్ద పెట్టిన కుక్కే కదా! పిచ్చి లేదు. పది రోజులు చూద్దాం. అది చస్తే అప్పుడు పోదాం" అంది.

చాలా ఇళ్ళలో ఈ మాటే వినిపిస్తుంది. ప్రాణం పోయేది కూడా ఇక్కడే.

క్రిమి గాయం దగ్గర నుంచి నరం పట్టుకుని మెల్లగా మెదడు వైపు నడుస్తుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. కొందరికి వారాల్లోనే రావచ్చు. చేతిలో, వేళ్ళలో నరాలు దట్టంగా ఉంటాయి. అందుకే చేతి కాటు, ముఖం మీది కాటు ఎక్కువ ప్రమాదం.

టీకా వేసిన రోజే రక్షణ రాదు. శరీరం క్రిమితో పోరాడే బలం తయారు చేసుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. క్రిమి నడుస్తోంది, టీకా కూడా నడుస్తోంది. ఎవరు ముందు చేరితే వాళ్ళదే గెలుపు. పది రోజులు ఊరికే చూస్తే ఆ పది రోజులూ క్రిమికే ఇచ్చినట్టు. క్రిమి మెదడు చేరినాక నీళ్ళు మింగబోతే గొంతు పట్టేస్తుంది, గాలి తగిలినా ఉలిక్కిపడతారు. అప్పుడు ఇక దాదాపు ఏ మందూ బతికించలేదు.

కాబట్టి టీకా మొదలుపెట్టాలి, కుక్కను కూడా గమనించాలి. కరిచిన కుక్క గానీ పిల్లి గానీ పది రోజుల తర్వాత కూడా బాగా తింటూ తిరుగుతూ ఉంటే డాక్టరుకు చెప్పాలి. మిగతా సూది అవసరమా కాదా అనేది డాక్టరే తేలుస్తారు. కుక్కను కొట్టి చంపకూడదు. చంపితే దానికి జబ్బు ఉందో లేదో గమనించే దారి మూసుకుపోతుంది.

ఆసుపత్రిలో డాక్టరు గాయాన్ని మూడు రకాలుగా చూస్తారు. గాయం లేని చర్మం మీద నాకితే కడిగితే చాలు. రక్తం రాకుండా గీరుకుపోతే కడిగి టీకా వెయ్యాలి. పన్ను దిగి రక్తం వస్తే కడగాలి, టీకా వెయ్యాలి, గాయంలో కూడా ఇంకో మందు ఎక్కించాలి. అక్కది ఈ మూడో రకం.

ఆ ఇంకో మందు పేరు ఇమ్యునోగ్లోబ్యులిన్. టీకా బలం తయారయ్యేలోగా కాపలా కాసేది ఇదే. ఇది తయారుగా ఉన్న బలం. మనిషి బరువును బట్టి కొలిచి, గాయం లోపల, చుట్టూ ఎక్కిస్తారు. నొప్పిగా ఉంటుంది. వేలి కొనలో చోటు తక్కువ కాబట్టి అక్కడ మెల్లగా, పట్టినంతే ఎక్కిస్తారు. దీన్ని మొదటి టీకా రోజే వేయించుకోవాలి. ఆ రోజు దొరకకపోతే ఏడు రోజుల లోపు వేయించుకోవాలి. చిన్న ఆసుపత్రిలో లేకపోతే ఎక్కడ దొరుకుతుందో అడిగి అక్కడికి వెళ్ళాలి. ధనుర్వాతం సూది వేరు, ఇది వేరు. ఒకటి వేయించుకుంటే రెండోది అయిపోయినట్టు కాదు.

పిల్లి కాటు

పిల్లి కూడా రేబిస్ తెస్తుంది. అంతే కాదు. పిల్లి పన్ను సూదిలా సన్నగా ఉంటుంది. పైన చిన్న చుక్క కనపడుతుంది. లోపల కీలు దాకా దిగి ఉంటుంది. పైన చర్మం మూసుకుంటే లోపల చీము పడుతుంది. మరుసటి రోజుకే చెయ్యి ఎర్రబడి, వాచి, సలుపు పుడితే, వేలు మడవలేకపోతే, మొద్దుబారితే ఆ పూటే డాక్టరు దగ్గరికి పోవాలి.

బొడ్డు చుట్టూ సూదుల భయం

1885 జూలై 6న ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్ దగ్గరికి జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడిని తీసుకొచ్చినారు. పిచ్చికుక్క కరిచి రెండు రోజులయింది. పాశ్చర్ తాను తయారు చేసిన టీకా వేయించినాడు. పిల్లవాడు బతికినాడు. 1907లో దక్షిణాది వాళ్ళ కోసం కూనూరులో పాశ్చర్ సంస్థ పెట్టినారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మన దేశంలో గొర్రె మెదడుతో చేసిన టీకా వేసేవాళ్ళు. పొట్ట మీద 14 సూదులు దాకా పొడిచేవాళ్ళు. ఆ భయం ఇంకా జనం మనసులో ఉంది. కానీ ఆ టీకా తయారీని 2004 చివరికి మన దేశంలో ఆపేసినారు. ఇప్పుడు సూది భుజానికే.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా రెండు భుజాలకూ చర్మంలో చిన్న సూది వేస్తారు. నాలుగుసార్లు పోవాలి. మొదటి సూది రోజును సున్నా అని లెక్కపెట్టాలి. తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. కండకు వేసే పద్ధతయితే 14వ రోజు కూడా ఉంటుంది. గర్భిణీలు, పాలిచ్చే తల్లులు కూడా వేయించుకోవచ్చు. పథ్యం ఏమీ లేదు.

అక్కకు సోమవారం మొదటి సూది పడింది. గురువారం రెండోది. మళ్ళీ సోమవారం మూడోది. అప్పటికి గాయం మానింది. కుక్క ఏడో రోజు నుంచి కనపడకుండా పోయింది. అది బతికిందో చచ్చిందో తెలియదు. అంటే పది రోజుల లెక్క ఆ అక్కకు పనికిరాదు.

28వ రోజు మళ్ళీ సోమవారమే. ఆ రోజు మిరప కోతకు పిలుపు వచ్చింది. "గాయం మానింది కదా, కూలి ఎందుకు పోగొట్టుకోవాలి?" అనుకుంది అక్క. గోడ మీది క్యాలెండరులో ఆమె తన చేత్తోనే సున్నా చుట్టి, "సూది" అని రాసుకుంది. దాన్ని చూసింది. గాయం మానడం వేరు, క్రిమి పోవడం వేరు అని ఆశా కార్యకర్త చెప్పిన మాట గుర్తొచ్చింది. కోతకు మరుసటి రోజు వస్తానని చెప్పి, చీటీ పట్టుకుని బస్సు ఎక్కింది.

రాయండి

1. సోమవారం కాకుండా బుధవారం మొదటి సూది పడితే, 3వ రోజు ఏ వారం? 7వ రోజు ఏ వారం?
2. మీ ఇంటికి దగ్గరలో కుక్క కాటు సూది ఎక్కడ వేస్తారు? గాయంలో ఎక్కించే మందు ఎక్కడ దొరుకుతుంది? అడిగి తెలుసుకుని పలక మీద కాదు, గోడ మీద రాసి పెట్టండి.