రసీదు మీద పేరు



ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో చాలామంది పెద్దలు బెంగాల్ నాగపూర్ రైల్వే పనులకని ఉత్తరాంధ్ర నుంచి వచ్చారు. తమతోపాటు అమ్మవారినీ తెచ్చుకున్నారు. ఇక్కడ ఆ పండుగను మాతా పూజ అంటారు. నా పరిశోధన భక్తి మీద కాదు, ఆ భక్తిలో చేతులు మారే రూపాయి మీద.

ఒక ఇంటివాళ్లు 101 రూపాయలు ఇచ్చారనుకుందాం. హుండీలో వేస్తే వాళ్ల పేరు ఎవరూ అడగరు. చేతిలో రసీదు ఉండదు కాబట్టి వాళ్లూ లెక్క అడగలేరు. అదే డబ్బుతో గుడిలో అర్చన టికెట్టు కొంటే పూజారి గోత్రం అడుగుతాడు. చెప్పలేకపోతే శివగోత్రమనో, కాశ్యపగోత్రమనో ఏదో ఒకటి తగిలిస్తాడు. డబ్బుకు లేని కులం ఆ ఒక్క ప్రశ్నతో మనిషికి వచ్చి చేరుతుంది. అదే 101 మాతా పూజకు చందాగా ఇస్తే రసీదు మీద పేరు ఉంటుంది. పందిరికి ఎంతయింది, భోజనాలకు ఎంతయింది అని అడగవచ్చు.

పుచ్చుకున్నవాడికి తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత ఉంటుందని మార్సెల్ మాస్ 1925లో రాశాడు. మరి చందా వీధంతా ఇస్తే, తిరిగి వచ్చే గౌరవం ఎవరికి దక్కుతోంది? కమిటీలో ఎవరున్నారు, తొలి ప్రసాదం ఎవరికి, పందిరి ఊడ్చే పని ఎవరికి? పూజారి పదవి వంశపారంపర్యంగా ఉండకూడదని, పరీక్ష పెట్టి అందరికీ తెరవాలని బాబాసాహెబ్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో అన్నారు.

ఈసారి చందా రాయించే ముందు పోయినేటి లెక్కల పుస్తకం అడగండి. అది ఎవరి చేతిలో ఉందో కూడా చూడండి.