బస్సులో మొదట ఎంతమంది ఉన్నారు?

ఇంట్లో తమ్ముడికో చెల్లికో హోంవర్క్ చేయిస్తున్నారా? అపార్ట్‌మెంట్‌లో చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్తున్నారా? అయితే ఈ ఎపిసోడ్ మీ కోసమే. పద సమస్యలు, అంటే కథలా చెప్పే లెక్కల గురించి మాట్లాడుకుందాం. కూడికలు, తీసివేతలు బాగా చేసే పిల్లలు కూడా వీటి దగ్గర ఆగిపోతారు. మనమేమో "వీడికి లెక్కలు రావు" అనేస్తాం. అసలు సంగతి వేరే ఉంది.

మన పుప్పాలగూడ బస్ స్టాప్‌నే తీసుకుందాం. మూడు లెక్కలు చెప్తాను, వినండి.

మొదటిది: బస్సులో 8 మంది ఉన్నారు. పుప్పాలగూడలో 5 మంది ఎక్కారు. ఇప్పుడు ఎంతమంది?

రెండోది: బస్సులో 8 మంది ఉన్నారు. పుప్పాలగూడలో కొంతమంది ఎక్కారు. ఇప్పుడు 13 మంది అయ్యారు. ఎంతమంది ఎక్కారు?

మూడోది: బస్సులో కొంతమంది ఉన్నారు. పుప్పాలగూడలో 5 మంది ఎక్కారు. ఇప్పుడు 13 మంది అయ్యారు. మొదట ఎంతమంది ఉన్నారు?

మూడింట్లోనూ అవే అంకెలు, అదే బస్సు. కానీ చిన్నపిల్లలకు మొదటిది తేలిక, రెండోది కొంచెం కష్టం, మూడోది బాగా కష్టం. ఎందుకంటే చిన్నపిల్లలు కథ ఎలా నడిస్తే చేతులతో అలాగే చేసుకుంటూ పోతారు. మొదటి లెక్కకు 8 చింతగింజలు పెడతారు, ఇంకో 5 కలుపుతారు, లెక్కపెడతారు. అయిపోయింది. మూడో లెక్కలో మొదటి మాటే "కొంతమంది". ఎన్ని గింజలు పెట్టాలి? చెయ్యి అక్కడే ఆగిపోతుంది.

అప్పుడు పిల్లలు ఏం చేస్తారు? మనం నేర్పిన షార్ట్‌కట్ వాడతారు. "ఎక్కారు అంటే ప్లస్, దిగారు అంటే మైనస్" అని చెప్పాం కదా! 13కి 5 కలిపి 18 అని రాసేస్తారు. కూడిక కరెక్టే, కథే తప్పింది.

ఇది ఎలా సరిచేయాలి? ఒక డబ్బా మూత తీసుకోండి, అదే బస్సు. చివర్లో ఏముందో అక్కడి నుంచి మొదలుపెట్టండి. 13 గింజలు వేయండి. ఇప్పుడు వీడియోను వెనక్కి తిప్పినట్టు, ఎక్కిన 5 మందిని తిరిగి స్టాప్‌లో దించేయమనండి. మూతలో 8 మిగులుతాయి. తర్వాత కథను మళ్లీ ముందుకు నడిపించండి. 8 మంది ఉన్నారు, 5 మంది ఎక్కారు, 13 అయ్యారు. సరిపోయింది. అదే 18తో మొదలుపెడితే, 5 మంది ఎక్కాక బస్సులో జనం తగ్గిపోయారా? తప్పు ఎక్కడుందో పిల్లలే పట్టుకుంటారు.

పిల్లలకు లెక్క అర్థమైందో లేదో తెలియాలంటే, జవాబు అడగకముందే "అంకెలు చెప్పకుండా కథ చెప్పు" అనండి. "బస్సులో ఎవరో ఉన్నారు, ఇంకొందరు ఎక్కారు, మొదట ఎందరున్నారో కావాలి" అని చెప్తే దారిలో ఉన్నట్టే. వెంటనే "ప్లస్సా, మైనస్సా?" అని మిమ్మల్నే అడిగితే, ఊహించి రాస్తున్నట్టు.

ఇప్పుడు మార్కెట్‌కి వద్దాం. కూరగాయలు 63 రూపాయలు, మీరు 100 నోటు ఇచ్చారు. చాలామంది అమ్మేవాళ్లు 100లోంచి 63 తీసివేయరు. 63కి 2 ఇస్తే 65, ఇంకో 5 ఇస్తే 70, ఇంకో 30 ఇస్తే 100 అని పైకి లెక్కపెట్టుకుంటూ ఇస్తారు. మొత్తం 37. గమనించారా? ఇది మన రెండో బస్సు లెక్కే. మొదలు తెలుసు, చివర తెలుసు, మధ్యలో ఎంత కలిసిందో కావాలి.

కానీ మార్కెట్ లెక్క వచ్చినంత మాత్రాన పుస్తకంలో లెక్క వచ్చేయదు. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. బేరాల లెక్కలు నోటితో చకచకా చేసే ఆ పిల్లలే, బడి పద్ధతిలో ఇస్తే తడబడ్డారు. బడి లెక్కలు చేసే పిల్లలేమో మార్కెట్ లెక్కల్లో వెనకబడ్డారు. అందుకే 63 నుంచి 100 దాకా నోటితో లెక్కపెట్టించాక, అదే లెక్కను వెంటనే పక్కన కాగితం మీద 100 − 63 = 37 అని రాయించండి. రెండూ ఒకటేనని పిల్లలకు కనపడాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన ఏరియాలో చాలామంది పిల్లలకు కనపడేది చిల్లర కాదు, క్యూఆర్ కోడ్. ఫోన్ చూపిస్తే పని అయిపోతుంది, చిల్లర వెనక్కి రావడం వాళ్లు చూసి ఉండరు. ఆర్టీసీ బస్సు ఎక్కని పిల్లలూ ఉంటారు. వాళ్లకు స్కూల్ బస్సు కథ చెప్పండి, చిల్లర లెక్కకైతే నిజం నాణేలు చేతికివ్వండి. లెక్కలో మన ఊరి పేరు ఉంటే చాలదు, ఆ పని పిల్లలు చూసి ఉండాలి.

చివరగా ఒక లెక్క. నార్సింగిలో 4 మంది దిగారు. ఇప్పుడు బస్సులో 9 మంది ఉన్నారు. దిగకముందు ఎంతమంది? ఇవాళ ఇంట్లో పిల్లల్ని అడగండి. 5 అంటే, "దిగారు అంటే మైనస్" అని వాళ్లకు ఎవరో చెప్పారన్నమాట. చింతగింజలు తీయండి. ఉంటాను మరి!