వేలు మోపే ముందు తెర చదవండి

(పెదకూరపాడులోని సామాజిక భవనంలో జరిగిన వయోవృద్ధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. ఫోను గురించి చెప్పుకోవలసినవి చాలా ఉన్నప్పటికీ నేను ఒక్క సంగతికే పరిమితమవుతాను. తెర మీద ఏదైనా హెచ్చరిక కనిపించినప్పుడు దానిని చివరిదాకా చదవకుండా ఏ బటనూ నొక్కకూడదు. ఆ హెచ్చరికల్లో ఏమి రాసి ఉంటుందో, చదవకపోతే ఏమవుతుందో మా ఇంట జరిగిన ఉదంతంతోనే వివరిస్తాను.

నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. వేలిముద్ర వేయడానికి వచ్చే పెద్దలను ఎందరినో చూశాను. కాగితంలో ఏముందని అడిగినవారు తక్కువ. "ఎక్కడ వేయాలి నాయనా?" అని మాత్రమే అడిగేవారు. ఇప్పుడు ఫోను తెర మీద వేలు మోపడం కూడా వేలిముద్ర వేయడం లాంటిదే. ఇది మాటవరసకు అనడం లేదు. ఒక హెచ్చరికలో దాదాపు ఈ మాటే రాసి ఉంటుంది. అక్కడికి వస్తాను.

గత చలికాలంలో ఒక శనివారం ఉదయం సత్తెనపల్లిలో ఉండే మా బావమరిది నంబరు నుంచి నాకు వాట్సాప్‌లో ఒక శుభలేఖ వచ్చింది. "నిఖాకు తప్పక రావలెను, కార్డు తెరచి చూడగలరు" అని కింద రాసి ఉంది. ఫైలు పేరు Wedding Invitation.apk. ఎవరి పెళ్లో చూద్దామని నొక్కాను.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఫైలు పేరు చివర చుక్క తరువాత ఉండే మూడు అక్షరాలు ఆ ఫైలు జాతిని చెబుతాయి. బొమ్మ అయితే jpg అనీ, కాగితం అయితే pdf అనీ ఉంటుంది. apk అని ఉంటే అది బొమ్మా కాదు, కాగితమూ కాదు. అది ఫోనులో ప్రవేశించి పనిచేసే యాప్. శుభలేఖ అనే పేరు పైన పెట్టినంత మాత్రాన లోపలి సరుకు మారదు. శుభలేఖ పేరుతోనే కాదు, వాహనం చలానా పేరుతోనూ, రైతు పథకం పేరుతోనూ, బ్యాంకు బహుమతి పేరుతోనూ ఇవే ఫైళ్లు తిరుగుతున్నాయి.

నేను నొక్కగానే మొదటి హెచ్చరిక వచ్చింది. దాని భావం ఇది: మీ భద్రత కోసం, ఈ చోటు నుంచి వచ్చే తెలియని యాప్‌లను చేర్చడానికి ఈ ఫోనుకు అనుమతి లేదు. కింద రెండు బటన్లు ఉన్నాయి. ఒకటి Cancel, రెండవది Settings. ఫోను తయారుచేసిన కంపెనీని బట్టి మాటలు కొద్దిగా మారవచ్చు గాని భావం ఇదే. ఆ వాక్యంలో 'యాప్' అన్న ఒక్క మాటను పట్టుకుని ఉంటే నాకు విషయం బోధపడేది. నేను చూడబోయింది కార్డు. ఫోను మాట్లాడుతున్నది యాప్ గురించి. నేను చదవలేదు. అలవాటుగా Settings నొక్కాను.

రెండవ తెర వచ్చింది. అందులో Allow from this source అనే మీట ఉంది. దాని పక్కనో కిందనో, లేదా మీట జరిపిన తరువాతనో చిన్న అక్షరాలతో ఒక హెచ్చరిక కనిపిస్తుంది. తెలియని యాప్‌ల వల్ల మీ ఫోనుకూ, మీ సొంత సమాచారానికీ ప్రమాదం ఎక్కువ; ఈ యాప్ వాడకం వల్ల ఫోనుకు నష్టం జరిగినా, సమాచారం పోయినా, ఆ బాధ్యత నాదేనని మీరు అంగీకరిస్తున్నారు. దాని సారాంశం ఇది. నేను ఇందాక అన్న వేలిముద్ర ఇదే. పూచీకత్తు పత్రం మీద సంతకం పెట్టమని ఫోను అడుగుతోంది.

నా వేలు మీట దగ్గరకు వెళ్లింది. పక్కన కూర్చున్న నా భార్య, "పెళ్లికార్డు చూడడానికి సెట్టింగులు మార్చడమెందుకు?" అని అడిగింది. ఆమె పెద్దగా చదువుకోలేదు. కాని ఆ ప్రశ్న నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది. నేను వెనక్కి వచ్చి బావమరిదికి ఫోను చేశాను. "నేనే కార్డూ పంపలేదు భాయీ" అన్నాడు. తరువాత కాసేపు మాట్లాడలేదు. ఆపైన అసలు సంగతి చెప్పాడు.

గురువారం సాయంత్రం ఆయనకూ ఇదే శుభలేఖ తెలిసినవారి నంబరు నుంచే వచ్చింది. నేను ఆగిన చోట ఆయన ఆగలేదు. మీట జరిపాడు. ఆ తరువాత ఆయనకు మూడవ హెచ్చరిక వచ్చింది. గూగుల్ ప్లే ప్రొటెక్ట్ అనే కాపలా ఏర్పాటు ఫోనులోనే ఉంటుంది. ఈ యాప్ హానికరం కావచ్చునని అది చెప్పింది. దాని అడుగున, వివరాల మాటున, అయినా చేర్చు అనే దారి కూడా ఉంటుంది. ఆయన ఆ దారిన పోయాడు. ఒక జాగ్రత్త చెబుతాను. కొత్తగా తయారైన మోసపు యాప్‌ను ఈ కాపలా ప్రతిసారీ గుర్తించలేదు. కనుక అది హెచ్చరిస్తే తప్పక ఆగాలి. అది మౌనంగా ఉంటే మాత్రం క్షేమమని అర్థం కాదు.

నాలుగవ తెర అన్నిటికంటే ముఖ్యమైనది. ఈ యాప్ మీ ఎస్సెమ్మెస్‌లను పంపడానికి, చూడడానికి అనుమతిస్తారా అని అది అడుగుతుంది. Allow, Don't allow అనే రెండు బటన్లు ఉంటాయి. శుభలేఖకు మన ఎస్సెమ్మెస్‌లతో పనేమిటి? పని ఉన్నది మోసగాడికి. బ్యాంకు పంపే ఓటీపీ ఎస్సెమ్మెస్‌గానే వస్తుంది. ఆ అనుమతి ఇస్తే ఓటీపీని మనం ఎవరికీ చెప్పనవసరం లేకుండానే అవతలివాడు చదువుకుంటాడు. "నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదే" అని బాధితులు నిజాయతీగానే అంటారు. వారు నోటితో చెప్పలేదు, వేలితో ఇచ్చారు. యాక్సెసిబిలిటీ అనే మరో అనుమతి ఉంది. దానిని ఇస్తే మన తెర మీది సమస్తాన్నీ ఆ యాప్ చూడగలదు, మన బదులు అదే బటన్లు నొక్కగలదు. చూపు తక్కువైనవారికి సాయపడే యాప్‌ల కోసం ఉద్దేశించిన అనుమతి అది.

మా బావమరిది Allow నొక్కాడు. కార్డేమీ తెరుచుకోలేదు. పాడైన ఫైలేమో అనుకుని నిద్రపోయాడు. ఆ రాత్రి ఆయన ఖాతా నుంచి 9,500 రూపాయలు పోయాయి. బ్యాంకు సందేశం కూడా కనబడలేదు. శుక్రవారం ఉదయం ఏటీఎంలో నిల్వ చూసినప్పుడు గాని తెలియలేదు. కొడుకులు ఏమంటారోనని సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం రాత్రి మరో 22,000 పోయాయి. ఆయన ఫోనులోని పేర్లన్నిటికీ శుభలేఖ వెళ్లింది. నాకు చేరింది అందులో ఒకటి.

ఇక్కడ మన హక్కు గురించి చెప్పాలి. ఖాతాదారు ఎరుగని లావాదేవీల విషయంలో భారతీయ రిజర్వు బ్యాంకు 2017 జూలైలో బ్యాంకులకు ఉత్తర్వు ఇచ్చింది. దాని ప్రకారం ఖాతాదారు అజాగ్రత్త వల్ల డబ్బు పోయినట్లయితే, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం ఆయనది. తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుది. అజాగ్రత్త ఖాతాదారుదేనని రుజువు చేయవలసిన భారం కూడా బ్యాంకు మీదనే ఉంది. ఈ లెక్కన చూడండి. మా బావమరిది శుక్రవారం ఉదయమే బ్యాంకుకు తెలియజేసి ఫిర్యాదు సంఖ్య తీసుకుని ఉంటే, ఆ రాత్రి పోయిన 22,000 గురించి బ్యాంకును నిలదీసే హక్కు ఆయనకు ఉండేది. ఆయన సిగ్గు ఖరీదు 22,000 రూపాయలు. మేమిద్దరం శనివారం 1930కు ఫోను చేశాం. బ్యాంకులో రాతపూర్వకంగా ఇచ్చాం. డబ్బు ఇంతవరకు తిరిగి రాలేదు.

కనుక ఇప్పటికే ఎవరైనా అటువంటి ఫైలును చేర్చి ఉంటే, ముందు ఫోనులో ఇంటర్నెట్టు ఆపండి. మరొకరి ఫోను నుంచి మీ బ్యాంకుకూ, 1930కూ చెప్పండి. cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఇచ్చిన ప్రతి ఫిర్యాదుకూ సంఖ్య అడిగి, వేళతో సహా రాసుకోండి. యాప్‌ను తొలగించే పని ఆ తరువాతిది. దాని బొమ్మ తెర మీద కనబడకుండా దాక్కొని ఉండవచ్చు కనుక, తెలిసినవారి చేత సెట్టింగులలోని యాప్‌ల జాబితాలో వెతికించండి.

ఇంకొక సందేహం మీకు రావచ్చు. ప్రభుత్వమే వాట్సాప్‌లో సేవలందిస్తోంది కదా అని. నిజమే. 2025 జనవరి నుంచి మన రాష్ట్రంలో 'మన మిత్ర' సేవ 9552300009 నంబరు మీద నడుస్తోంది. ఆ సేవ సంభాషణలోనే సాగుతుంది, దానికి apk ఫైలు అక్కరలేదు. హజ్ యాత్రికుల కోసం 2024లో వచ్చిన హజ్ సువిధ యాప్ కూడా ప్లే స్టోర్‌లో దొరుకుతుంది. ఏ యాప్ కావాలన్నా మనమే స్టోర్‌కు వెళ్లి తెచ్చుకోవాలి. యాప్ మన గుమ్మం ముందుకు వచ్చి తలుపు తట్టదు.

అలాగే, ప్రతి హెచ్చరికా నిజమైనది కాదు. ఏదో వెబ్ పేజీ చూస్తుండగా "మీ ఫోనులో వైరస్ ఉంది, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి" అని ఎర్రగా మెరిసే తెరలు వస్తాయి. ఫోను ఇచ్చే హెచ్చరిక నెమ్మదిగా ఆగమంటుంది, వెనక్కి వెళ్లే దారి చూపుతుంది. దొంగ హెచ్చరిక తొందరపెడుతుంది, నంబరు ఇస్తుంది, ముందుకు నొక్కమంటుంది. ఆ పేజీ మూసివేయగానే హెచ్చరిక మాయమైతే, అది ఫోను చెప్పింది కాదు.

మనలో చాలామంది చదవకపోవడానికి కారణం బద్ధకం కాదు, ఆ మాటలు ఇంగ్లీషులో ఉండడం. ఫోను భాషను తెలుగులోకో, ఉర్దూలోకో మార్చుకోవచ్చు. సెట్టింగులలో భాషల విభాగం ఉంటుంది. అప్పుడు హెచ్చరికలు కూడా చాలావరకు ఆ భాషలోనే వస్తాయి. అక్షరాలు చిన్నవైతే పెద్దవి చేసుకోవచ్చు.

చివరగా, ఇళ్లకు వెళ్లేలోగా ఇక్కడే ఒక పని చేద్దాం. ఫోను తీసి సెట్టింగులు తెరవండి. పైన ఉన్న వెతికే గడిలో unknown అని కొట్టండి. Install unknown apps అనే జాబితా వస్తుంది. అందులో వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ అనే పేర్ల కింద Not allowed అని ఉండాలి. Allowed అని ఉంటే, ఎప్పుడో మనం చదవకుండా మీట జరిపామన్నమాట. ఒకసారి జరిపితే మనమే మూసేదాకా అది తెరిచే ఉంటుంది, మొదటి హెచ్చరిక ఇక రాదు. దానిని మూసేయండి. కనబడనివారు ముందు వరుసలోకి రండి, నేను చూసిపెడతాను.