కార్డు మీద ‘పాజిటివ్’ అని ఉంటే ఎంత నమ్మాలి?

(సికిల్ సెల్ స్క్రీనింగ్ క్యాంపుల్లో సాయం చేస్తున్న యువతీ యువకుల సమావేశంలో మాట్లాడిన మాటలు. చదవడానికి వీలుగా కొంచెం సర్ది రాశాను.)



ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక పేపర్‌గా ఉండేది. నిజం చెప్పాలంటే పాసవడానికే చదివాను. ఇవాళ మీకు చెప్పబోయే లెక్క అప్పుడు బోర్డు మీద చూసి మర్చిపోయిందే. మళ్ళీ గుర్తొచ్చింది మాకు తెలిసిన ఒక చెల్లి వల్ల.

ఆ చెల్లి పట్నంలో హాస్టల్లో ఉండి చదువుకునేది. అన్ని ప్రాంతాల పిల్లలూ ఉన్న హాస్టల్ అది. ఒకరోజు రక్తపరీక్షల క్యాంపు పెట్టారు. వేలి నుంచి చుక్క రక్తం తీశారు, సికిల్ సెల్ పాజిటివ్ అన్నారు. వాళ్ళ ఇంట్లో గానీ, వాళ్ళ తెగలో గానీ ఆ జబ్బు పేరు విన్నవాళ్ళు లేరు. రెండో పరీక్షకు ఎవరూ పంపలేదు. మాట ఊరికి చేరింది, కుదిరిన సంబంధం ఆగిపోయింది. ఎనిమిది నెలల తర్వాత పెద్దాసుపత్రిలో మెషిన్ మీద పరీక్ష చేస్తే రక్తం పూర్తిగా మామూలుగా ఉంది. అందరూ ‘కిట్ పాడైందేమో’ అన్నారు. నేనూ అదే అనుకున్నా. తర్వాత కూర్చుని లెక్క వేస్తే అర్థమైంది: కిట్ బాగానే పనిచేసినా సరే, ఆ హాస్టల్లో పాజిటివ్ వచ్చిన వాళ్ళలో చాలామందికి ఏమీ ఉండదు. అదెట్లాగో చెప్తాను, కొంచెం ఓపిగ్గా వినండి.

ముందు ఆ పరీక్ష సంగతి. చాలా క్యాంపుల్లో చేసేది సాల్యుబిలిటీ టెస్ట్. చిన్న ట్యూబులో మందు నీళ్ళు ఉంటాయి, అందులో రక్తపు చుక్క వేస్తారు. ఆ మందు రక్తంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. సికిల్ హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ లేకపోతే కరగదు, గడ్డలు కట్టి నీళ్ళు మసకబారతాయి. ట్యూబు వెనక నల్ల గీతలున్న కాగితం పెట్టి చూస్తారు. గీతలు కనబడితే నెగిటివ్, కనబడకపోతే పాజిటివ్. చవక, త్వరగా అయిపోతుంది, అడవిలో చెట్టు కింద కూడా చేయొచ్చు.

కానీ నీళ్ళు మసకబారడానికి సికిల్ ఒక్కటే కారణం కానక్కర్లేదు. రక్తంలో కొవ్వు ఎక్కువున్నా, కొన్ని రకాల ప్రోటీన్లు పెరిగినా మసకగానే కనబడుతుంది. వెలుతురు సరిగా లేని గదిలో చూస్తే కూడా పొరబడతాం. ఇంకో మాట: క్యారియర్‌కైనా, జబ్బున్న మనిషికైనా ఈ పరీక్షలో పాజిటివ్ అనే వస్తుంది. అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే సికిల్ జీన్ వస్తే క్యారియర్. వాళ్ళు మామూలుగానే బతుకుతారు. ఇద్దరి నుంచీ వస్తే జబ్బు. ఆ తేడా ఈ ట్యూబు చెప్పదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. మనలో చాలామంది మంచె మీద కాపలా పడుకున్నవాళ్ళమే. కుక్క ఒకటి పక్కన ఉంటుంది. అడవిపంది వస్తే మొరుగుతుంది, అప్పుడప్పుడు గాలికి ఆకు కదిలినా మొరుగుతుంది. జొన్న గింజ పట్టిన రోజుల్లో పందులు రోజూ దిగుతాయి కాబట్టి కుక్క మొరిగిందంటే బరిసె అందుకుంటాం. అదే కుక్క ఎండాకాలం చేనులో ఏమీ లేనప్పుడు మొరిగితే? అటు తిరిగి పడుకుంటాం. కుక్క మారలేదు, దాని చెవులు మారలేదు. పందులు వచ్చే రోజులు మారాయి.

దీన్నే లెక్కలో చూద్దాం. అంకెలు సులువుగా ఉండాలని నేను అనుకున్నవి ఇవి, ఏ కిట్ కంపెనీవీ కావు. మన పరీక్ష నిజంగా జీన్ ఉన్న 100 మందిలో 98 మందిని పట్టుకుంటుంది అనుకుందాం. జీన్ లేని 100 మందిలో 97 మందికి సరిగ్గా నెగిటివ్ ఇస్తుంది, ముగ్గురికి మాత్రం పొరపాటున పాజిటివ్ ఇస్తుంది. మంచి పరీక్షే కదా?

మొదటి క్యాంపు ఒక గూడెంలో. అక్కడ ప్రతి ఐదుగురిలో ఒకరికి సికిల్ జీన్ ఉంది. ఇది ఊహకందని అంకె కాదు, మధ్య భారతంలోని కొన్ని ఆదివాసీ సమూహాల్లో ఇంత ఉంటుంది. 1000 మందికి పరీక్ష చేశాం. జీన్ ఉన్నవాళ్ళు 200 మంది, వాళ్ళలో 196 మందికి పాజిటివ్ వచ్చింది. లేనివాళ్ళు 800, వాళ్ళలో నూటికి ముగ్గురు చొప్పున 24 మందికి పొరపాటు పాజిటివ్. మొత్తం 220 పాజిటివ్‌లు, అందులో 196 నిజం. అంటే కార్డు మీద పాజిటివ్ అని ఉన్న ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి నిజంగానే జీన్ ఉంది.

రెండో క్యాంపు ఆ చెల్లి హాస్టల్ లాంటి చోట. అక్కడ 1000 మందిలో ఐదుగురికే ఉంది. అదే కిట్, అదే సిస్టరమ్మ, అదే వెలుతురు. ఐదుగురికీ పాజిటివ్ వచ్చింది అనుకుందాం. లేనివాళ్ళు 995 మంది, నూటికి ముగ్గురు చొప్పున సుమారు 30 మందికి పొరపాటు పాజిటివ్. మొత్తం 35 పాజిటివ్‌లు, నిజమైనవి ఐదు. ఏడుగురిలో ఒక్కరు! మిగతా ఆరుగురికి ఏమీ లేదు, అయినా ఏడుగురి చేతిలోనూ ఒకేలాంటి కార్డు ఉంటుంది.

పాజిటివ్ వచ్చినవాళ్ళలో నిజంగా ఉన్నవాళ్ళ వంతును పాజిటివ్ ప్రిడిక్టివ్ వాల్యూ అంటారు. మొదటి చోట అది 89 శాతం, రెండో చోట 14 శాతం. పరీక్ష పెట్టె మీద ‘98 శాతం కచ్చితం’ అని రాసి ఉన్నా ఈ అంకె మాత్రం పెట్టె మీద ఎక్కడా ఉండదు. ఉండలేదు కూడా. ఎందుకంటే అది కిట్‌లో లేదు, పరీక్షకు వచ్చిన జనంలో ఉంది. జబ్బు ఎంత అరుదైతే, పాజిటివ్ మాట అంత బలహీనం.

మన దగ్గర ఇది ఎందుకింత అవసరమంటే, సికిల్ జీన్ అందరిలో ఒకే తీరున లేదు. మలేరియా ఎక్కువున్న ప్రాంతాల్లో ఒక్క సికిల్ జీన్ ఉన్న పిల్లలు ఆ జ్వరాన్ని తట్టుకుని బతికారు, అందుకే తరతరాలుగా అక్కడ ఆ జీన్ నిలిచింది. పైగా మనం తెగలోపలే పెళ్ళిళ్ళు చేసుకుంటాం. అందుకే పక్కపక్క గూడేల్లో ఉన్న రెండు తెగల మధ్య కూడా చాలా తేడా ఉండొచ్చు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 40 ఏళ్ళలోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం పెట్టుకుంది. అంత పెద్ద వలలో ఎక్కువున్న చోట్లూ వస్తాయి, అరుదైన చోట్లూ వస్తాయి. ‘ఆదివాసీ కాబట్టి ఉండే ఉంటుంది’ అనడం ఎంత తప్పో ఈ లెక్కే చెప్తుంది.

మీరు రిజిస్టర్ రాసేటప్పుడు ఒకటి గమనించండి. ఇంతకుముందు అనుకున్న కిట్‌తో, జీన్ ఒక్కరికీ లేని ఊళ్ళో పరీక్ష చేసినా 1000 మందిలో 30 పాజిటివ్‌లు వస్తాయి. కాబట్టి ఒక క్యాంపులో పాజిటివ్‌లు నూటికి మూడు దగ్గరే ఆగితే, దాదాపు అన్నీ పొరపాటువే కావచ్చు. ఏ ఊరికెళ్ళినా, ఏ తెగకు చేసినా అదే శాతం వస్తోందంటే మాత్రం గట్టిగా అనుమానించాలి. అది ఊరి సంగతి చెప్పడం లేదు, కిట్ తన పొరపాటు వంతును తానే చూపిస్తోంది.

ఇక్కడే ఒక తమ్ముడు అడిగాడు, ‘అన్నా, అయితే అరుదైన చోట వచ్చిన పాజిటివ్‌ను పక్కన పడేయొచ్చా’ అని. వద్దు తమ్ముడూ. ఆ ఏడుగురిలో ఒకరు నిజం. పరీక్షకు ముందు 200 మందిలో ఒకరికి ఉండే అవకాశం, పాజిటివ్ వచ్చాక ఏడుగురిలో ఒకరికి అయింది. స్క్రీనింగ్ చేసే పని అంతే, జల్లెడ పట్టడం. తేల్చేది రెండో పరీక్ష. హెచ్‌పీఎల్‌సీ అనే మెషిన్ హిమోగ్లోబిన్ రకాలను విడదీసి, ఏది ఎంత శాతం ఉందో కాగితం మీద ఇస్తుంది. క్యారియరా, జబ్బా అన్నది కూడా అందులోనే తెలుస్తుంది. ఆ 35 మందినీ ఆ మెషిన్ దగ్గరికి పంపామనుకోండి. అది లేనివాళ్ళలో నూటికి ఒక్కరి విషయంలో పొరబడినా, 30 మందిలో మిగిలే పొరపాట్లు సగటున ఒకటి కంటే తక్కువే.

రెండోసారి అదే ట్యూబు పరీక్ష చేయించుకుంటే చాలదు. రక్తంలో కొవ్వు వల్ల మసకబారి ఉంటే రెండోసారీ మసకే వస్తుంది. రెండో సాక్షి వేరే చోట నిలబడి చూసినవాడై ఉండాలి.

పాజిటివ్ వచ్చిన మనిషిని ఇంటి సంగతి కూడా అడగండి. అదే హాస్టల్లో ఒక అబ్బాయి తోడబుట్టిన అక్కకు సికిల్ జబ్బు ఉందనుకోండి. అంటే అమ్మానాన్న ఇద్దరిలోనూ ఆ జీన్ ఉంది, ఈ అబ్బాయికి కనీసం ఒక్క జీన్ వచ్చే అవకాశం నాలుగింట మూడు వంతులు. అప్పుడు లెక్కలో ఆ అబ్బాయిని హాస్టల్ జనంలో కలపకూడదు. అలాంటి ఇళ్ళ పిల్లలు 100 మందిని తీసుకుంటే నిజమైన పాజిటివ్‌లు 73, 74 వస్తాయి, పొరపాటువి ఒకటి రెండుకు మించవు. ఒకే గదిలో ఇద్దరికి ఒకే ఫలితం వచ్చినా, దాని బరువు ఇద్దరికీ వేరు.

ఎక్కువున్న చోట దీనికి రెండో వైపు ఉంది, దాన్ని మనం మర్చిపోతాం. మొదటి గూడెంలో 200 మందిలో నలుగురు తప్పిపోయారు కదా, వాళ్ళు నెగిటివ్ కార్డు పట్టుకుని ఇంటికెళ్ళారు. హాస్టల్లో అలాంటివాళ్ళు దాదాపు ఉండరు. రక్తం బాగా తక్కువున్నవాళ్ళకు, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్ళకు, ఆరు నెలల లోపు పసిపిల్లలకు ఈ ట్యూబు పరీక్ష తప్పుగా నెగిటివ్ చూపొచ్చు. అందుకే గూడెంలో తరచూ కీళ్ళనొప్పులతో మెలికలు తిరిగే పిల్ల, కళ్ళు పచ్చబడే పిల్లవాడు నెగిటివ్ అంటే కూడా మెషిన్ పరీక్షకు పంపమని ఏఎన్‌ఎం అక్కను అడగండి.

ఇక క్యాంపులో ఫలితం చెప్పేది మనమే అయితే ఏమనాలి? ‘నీకు సికిల్ ఉంది’ అనకండి. ‘మొదటి పరీక్షలో అనుమానం వచ్చింది, ఇంకో పరీక్షలో తేలుతుంది, ఆ రోజు నేనూ నీతో వస్తాను’ అనండి. పేరు గట్టిగా పిలిచి, నలుగురిలో చెప్పకండి. రెండో ఫలితం వచ్చేదాకా రిజిస్టర్‌లో ‘నిర్ధారణ కావాలి’ అని రాయండి, పక్కన ఏ తారీఖున పంపారో వేయండి. నెల దాటినా ఆ గడి ఖాళీగా ఉంటే పీహెచ్‌సీకి వెళ్ళి అడగండి. ఆ చెల్లి పేరు పక్కన ఆ గడి ఎనిమిది నెలలు ఖాళీగానే ఉంది.