కబ్జా అంటే కబ్జా కాదు

(గూడేల యువతకు జరిగిన శిక్షణలో మాట్లాడిన మాటలు)



ఇవాళ నేను పెద్ద పెద్ద మాటలు చెప్పను. నాలుగు చిన్న మాటల గురించే చెప్తాను. తహసీల్దార్, పేషీ, కబ్జా, పట్టా. ఇవి మనకు తెలిసిన మాటలే కదా అనుకుంటారు. తెలిసినవే కాబట్టి మా మామ మోసపోయాడు.

మా మామది బార్డర్ అవతల, ఛత్తీస్‌గఢ్‌లో. మనలాగే కోయ. ఇంట్లో కోయ మాట్లాడతాడు, సంతకు, ఆసుపత్రికి ఇటువైపు వస్తాడు కాబట్టి తెలుగు వచ్చు. చిన్నప్పుడు ఇక్కడ మా అమ్మమ్మ ఇంట్లో ఉండి నాలుగో తరగతి దాకా చదివాడు, తెలుగు అక్షరం చదువుతాడు. హిందీ వింటే కొంచెం అర్థమవుతుంది, చదవలేడు. వాళ్ల నాన్న కాలం నుంచి దున్నుతున్న చెలక మూడెకరాలు. దానికి అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభలో పెట్టిన అర్జీ ఉంది, అందినట్టు ఇచ్చిన రసీదు కూడా ఉంది. పట్టా మాత్రం ఇంకా రాలేదు.

ఒకరోజు హిందీలో ఒక నోటీసు వచ్చింది. పైన ‘న్యాయాలయ్ తహసీల్‌దార్’ అని ఉంది. చదివిపెట్టమంటే పక్కూరి పిల్లాడు పైకి చదివాడు, మామ చెవికి రెండు మాటలే తెలిసినట్టు అనిపించాయి. ఒకటి తహసీల్దార్, రెండోది పేషీ. మనకు పేషీ అంటే ఏంటి? మంత్రి పేషీ, కలెక్టర్ పేషీ, అంటే సారు కూర్చునే ఆఫీసు. ‘పేశీ దినాంక్’ అని తేదీ వేసి ఉంటే, సారు పేషీ నుంచి కాయితం బయలుదేరిన తేదీ అనుకున్నాడు. మడిచి రేకు పెట్టెలో పెట్టాడు.

హిందీ ఆఫీసులో పేశీ అంటే వాయిదా. ఇంగ్లీషులో హియరింగ్. ఆ రోజు పోయి నిలబడాలి. పోకపోతే ఆయన మాట వినకుండానే, ఏకపక్షంగా ఆర్డర్ రాసేయొచ్చు. పై వరస కూడా అంతే. మన దగ్గర తహసీల్దార్ అంటే ఎమ్మార్వో ఆఫీసు, సర్టిఫికెట్లు ఇచ్చే చోటు అని గుర్తొస్తుంది. అదే ఆఫీసర్ కొన్ని భూమి కేసుల్లో కోర్టులా కూర్చుంటాడు. కాయితం మీద ‘న్యాయాలయ్’ అని ఉంటే అది రెవెన్యూ కోర్టు కాయితం. దాన్ని తెలుగులో ఉత్త ‘తహసీల్దార్ ఆఫీసు’ అని రాస్తే సగం అర్థం పోయినట్టే. ‘తహసీల్దార్ రెవెన్యూ కోర్టు’ అని రాయాలి.

మామ మా ఇంటికి వచ్చేసరికి ఆ తేదీ దాటి ఆరు రోజులైంది. “అల్లుడూ, ఇది దేని గురించో చూడు” అని పెట్టెలో ఉన్నవన్నీ ముందేశాడు. మాకు తెలిసిన వకీలుకు హిందీ రాదు, ఇంగ్లీషులో పంపమన్నారు. నేనే తొందరపడి టౌన్లో టైపు చేసే షాపులో ఇచ్చాను. నోటీసు, పాత అర్జీ, రెండూ ఇంగ్లీషులోకి, మామ కోసం తెలుగులోకి చేసిచ్చారు. అసలు తప్పు అక్కడ జరిగింది.

వాళ్ల నాన్న అర్జీలో హిందీలో ఉన్నది ఏంటంటే, ఈ భూమి మీద మా ‘కబ్జా’ తాతల నుంచి ఉంది అని. హిందీలో కబ్జా అంటే స్వాధీనంలో ఉండటం. ఇంగ్లీషులో పొసెషన్. మన పాత పహాణీల్లో ‘కబ్జాదారు’ అన్నా అదే, సాగులో ఉన్న మనిషి. కానీ ఇవాళ పేపర్లో, టీవీలో భూకబ్జా అంటే దౌర్జన్యంగా ఆక్రమించడం. షాపులో తెలుగు కాయితం మీద ‘భూమిని కబ్జా చేసి’ అని పడింది, ఇంగ్లీషులో ‘ఎన్‌క్రోచ్‌మెంట్’ అని పడింది. అంటే మా తాత తన సంతకంతో తానే ఆక్రమణదారుణ్ణని ఒప్పుకున్నట్టు అయింది.

ఇది ఎంత నష్టమో చూడండి. అటవీ హక్కుల చట్టంలో ఆదివాసీ రైతు చూపించాల్సిన మొదటి విషయమే, 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి ఆ భూమి తన సాగులో ఉందని. అంటే ఆ కబ్జానే మన హక్కుకు ఆధారం. ఆధారాన్ని తీసుకెళ్లి నేరం కింద రాశారు.

ఇంకో మాట. నోటీసులో ఆఫీసర్ వాడింది కబ్జా కాదు, ‘అతిక్రమణ్’. అది ఆక్రమణే, ఎన్‌క్రోచ్‌మెంటే. దాన్ని మెత్తగా రాయకూడదు. అది ఆయన చేసిన ఆరోపణ, ఉన్నది ఉన్నట్టు రాయాలి. అప్పుడే జవాబు చెప్పగలం. కాయితంలో రెండు మాటలుంటే అనువాదంలో కూడా రెండు మాటలుండాలి. ఆరోపణకు ఒకటి, మన వాస్తవానికి ఒకటి.

తర్వాత పట్టా. తెలుగు రైతుకు పట్టా అంటే భూమి తనదని చెప్పే కాయితం. హిందీ చట్టం భాషలో పట్టా అంటే చాలాసార్లు కౌలు, లీజు. అక్కడ సొంతదారును ‘భూమిస్వామి’ అంటారు. కానీ వాడుకలో అడవి హక్కు పత్రాన్ని కూడా వన్ పట్టా అంటారు. దాని అసలు పేరు ‘వన్ అధికార్ పత్ర్’. షాపు వాళ్లు అర్జీని ‘అడవి భూమి లీజుకు దరఖాస్తు’ అని ఇంగ్లీషు చేశారు. లీజు అంటే సర్కారు భూమిని కొన్నాళ్లకు ఇవ్వమని అడగటం. మనం అడిగింది అది కాదు. మా హక్కు ముందే ఉంది, గుర్తించండి అన్నాం. దీనికి సరైన ఇంగ్లీషు ‘ఫారెస్ట్ రైట్స్ టైటిల్’, తెలుగు ‘అటవీ హక్కు పత్రం’. అలాగని మామూలు పట్టా అనుకోవడం కూడా తప్పే. అది వారసులకు వస్తుంది, భార్యాభర్తలిద్దరి పేరా ఉంటుంది, కానీ అమ్మకూడదు, ఎవరికీ రాసివ్వకూడదు.

వకీలు గారు ఇంగ్లీషు చదివి ఫోన్ చేసి, “మీ వాళ్లు నిజంగా లీజు అడిగారా?” అన్నారు. అప్పుడు మాకు తెలివొచ్చింది. హిందీ చదివిన ఒక అక్కను కూర్చోబెట్టుకుని మళ్లీ రాశాం. ఈసారి మూడు గడులు గీశాం. మొదటి గడిలో కాయితం మీద మాట ఉన్నది ఉన్నట్టు, రెండో గడిలో ఇంగ్లీషు, మూడో గడిలో తెలుగు. ‘ఖస్రా నంబర్’ ఎదురుగా సర్వే నంబర్. ‘రక్బా’ ఎదురుగా విస్తీర్ణం. కాయితంలో 1.214 హెక్టార్లు అని ఉంది, ఒక హెక్టారు సుమారు రెండెకరాల 19 గుంటలు, అంటే మామ చెప్పిన మూడెకరాలు సరిగ్గా సరిపోయింది. ‘బేదఖలీ’ ఎదురుగా ఎవిక్షన్, భూమి నుంచి వెళ్లగొట్టడం. అసలు మాటను మాత్రం కొట్టెయ్యలేదు. ఎందుకంటే ఆఫీసులో క్లర్కు అడిగేది ఆ మాటతోనే, మామ చెవి గుర్తుపట్టాల్సింది కూడా ఆ మాటనే.

ఆ మూడు గడుల కాయితంతో వకీలు గారు జవాబు రాశారు. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(5) ప్రకారం, క్లెయిమ్ పరిశీలన పూర్తయ్యేదాకా సాగులో ఉన్న ఆదివాసీని వెళ్లగొట్టకూడదు. ఆ క్లెయిమ్ తేల్చేది తహసీల్దార్ కాదు. గ్రామసభ, తర్వాత సబ్ డివిజన్ కమిటీ, చివరికి జిల్లా కమిటీ. జవాబుకు రసీదు జిరాక్స్ జత చేసి, మామను తీసుకుని వెళ్లాం. మా అదృష్టం, అప్పటికి ఆర్డర్ రాయలేదు, ఇంకో పేశీ ఇచ్చారు. కేసు ఇంకా నడుస్తోంది. గెలిచామని చెప్పను.

మీ ఊర్లో ఎవరి ఇంటికైనా అవతలి కాయితం వస్తే ముందు పైవరస చూడండి, న్యాయాలయ్ అని ఉందా అని. తర్వాత పేశీ పక్కన తేదీ చూడండి. ఆ రెండూ ఆ రాత్రే తెలియాలి, మిగతాది తెల్లారి చదవొచ్చు. తెలియని మాట వస్తే మనం ఎలాగూ ఎవరినో ఒకరిని అడుగుతాం. తెలిసినట్టున్న మాట దగ్గరే అడగకుండా పోతాం.

మొన్న వాయిదాకు మామ ఒక్కడే పోయొచ్చాడు. వచ్చి, “అల్లుడూ, పేశీ అయింది, పేషీ లోపలికి మాత్రం రానియ్యలేదు” అని నవ్వాడు.