రిజల్ట్స్ బాగున్నా షేరు ఎందుకు పడుతుంది?

ప్రతి మూడు నెలలకీ, రిజల్ట్స్ సీజన్ రాగానే, కామెంట్స్‌లో ఒకటే ప్రశ్న. "అన్నా, కంపెనీ ప్రాఫిట్ పెరిగింది, యాప్‌లో నోటిఫికేషన్ వచ్చింది, పొద్దున్నే కొన్నాను. సాయంత్రానికి లాస్‌లో ఉన్నాను. ఆపరేటర్లు కావాలనే పడేశారు కదా?" ఆ కోపం నాకు అర్థమవుతుంది. మొదట్లో నేనూ అలాగే కొన్నాను, అలాగే తిట్టుకున్నాను. కానీ చాలాసార్లు అక్కడ ఎవరి కుట్రా ఉండదు. ఏం జరుగుతుందో ఈ రోజు చూద్దాం.

మనకి బాగా తెలిసిన విషయంతో మొదలుపెడతాను. సినిమా. ఒక పెద్ద హీరో సినిమా నైజాం హక్కులు ఒక డిస్ట్రిబ్యూటర్ 40 కోట్లకి కొన్నాడనుకోండి. సినిమా రిలీజైంది, టాక్ బాగుంది, హాళ్లు నిండాయి. చివరికి ఖర్చులన్నీ పోను ఆయన చేతికి 35 కోట్లు వచ్చాయి. సినిమా హిట్టా, ఫ్లాపా? చూసినవాళ్లకి హిట్టే. డిస్ట్రిబ్యూటర్‌కి మాత్రం 5 కోట్లు నష్టం. ఎందుకంటే ఆయన 40 కోట్లు పెట్టినప్పుడే హిట్టవుతుందనే నమ్మకానికి డబ్బు కట్టేశాడు. మామూలు హిట్టు ఆయనకి సరిపోదు, ఇంకా పెద్ద హిట్టు కావాలి.

షేరు కూడా అంతే. మనం కట్టే ధర కంపెనీ ఇవాళ సంపాదిస్తున్నదానికి మాత్రమే కాదు, రేపు ఎంత సంపాదిస్తుందని జనం నమ్ముతున్నారో దానికి కూడా. దీన్ని చిన్న లెక్కలో చూద్దాం. ఇది నేను ఊరికే చెప్తున్న ఉదాహరణ.

ఒక కంపెనీ ఒక్కో షేరు మీద ఏడాదికి 10 రూపాయలు లాభం సంపాదిస్తోంది. షేరు ధర 400. అంటే జనం లాభానికి 40 రెట్లు పెడుతున్నారు. దీన్నే పీఈ 40 అంటాం. అంత ఎందుకు పెడుతున్నారు? లాభం ఏటా 30 శాతం పెరుగుతుందని నమ్ముతున్నారు కాబట్టి. ఇప్పుడు రిజల్ట్స్ వచ్చాయి. లాభం 12 రూపాయలైంది, అంటే 20 శాతం పెరిగింది. టీవీలో "అదిరిపోయే ఫలితాలు" అని వస్తుంది. కానీ 30 శాతం అనుకున్నవాళ్లు ఏమనుకుంటారు? "ఓహో, ఇది 20 శాతం పెరిగే కంపెనీ అన్నమాట. దీనికి 40 రెట్లు ఎక్కువ, 30 రెట్లు చాలు." 12 ఇంటూ 30, 360. లాభం 20 శాతం పెరిగింది, షేరు 10 శాతం పడింది. లెక్కలో ఎక్కడా మోసం లేదు. మారింది నమ్మకం ఒక్కటే.

సరే, ఇప్పుడు నిజంగా జరిగిన కేసుకి వద్దాం. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్. 2024 జనవరి 16న, మార్కెట్ మూసేశాక, డిసెంబర్ క్వార్టర్ రిజల్ట్స్ వచ్చాయి. నికర లాభం 16,372 కోట్లు. అంతకు ముందు ఏడాది అదే క్వార్టర్‌లో 12,259 కోట్లు. అంటే 33 శాతానికి పైగా పెరిగింది. మరుసటి రోజు షేరు 8 శాతానికి పైగా పడింది. 1,679 దగ్గర ఉన్నది 1,537 దగ్గర క్లోజైంది. ఆ బ్యాంక్ ఇండెక్స్‌లో చాలా పెద్దది కాబట్టి సెన్సెక్స్ కూడా ఆ రోజు 1,600 పాయింట్లకి పైగా పోయింది. ఒక విషయం గుర్తుంచుకోండి. 2025లో ఈ షేరుకి ఒకటికి ఒకటి బోనస్ వచ్చింది, అందుకే ఇప్పుడు మీ చార్ట్‌లో ఈ ధరలు సగమే కనిపిస్తాయి.

మరి ఎందుకు పడింది? ముందు ఆ 33 శాతం సంగతి చూద్దాం. 2023 జులై 1న హెచ్‌డీఎఫ్‌సీ అనే హోమ్ లోన్ కంపెనీ ఈ బ్యాంక్‌లో కలిసిపోయింది. అంటే పాత అంకె ఒక్క బ్యాంక్‌ది, కొత్త అంకె రెండూ కలిసినది. కలిసిన తర్వాతి అంకెలనే పక్కపక్కన పెడితే, సెప్టెంబర్ క్వార్టర్‌లో 15,976 కోట్లు, డిసెంబర్‌లో 16,372 కోట్లు. పెరుగుదల రెండున్నర శాతం. హెడ్‌లైన్‌లో 33 ఉంది, లోపల రెండున్నర ఉంది.

కానీ షేరు పడింది దీనివల్లే అనుకోకండి. విలీనం సంగతి మార్కెట్‌కి ఎప్పుడో తెలుసు. తెలిసిన విషయం ధరలో ముందే ఉంటుంది. ఆ రోజు కొత్తగా తెలిసింది ఇంకొకటి.

బ్యాంక్‌కి ముఖ్యమైనది మార్జిన్. అప్పుల మీద వచ్చే వడ్డీలోంచి, డిపాజిట్లకి, తెచ్చిన అప్పులకి కట్టే వడ్డీ తీసేస్తే ఎంత మిగులుతుందన్నది. విలీనానికి ముందు ఇది ఆస్తుల్లో 4.1 శాతం దగ్గర ఉండేది. విలీనం తర్వాత 3.4కి తగ్గింది. ఎందుకంటే ఆ హోమ్ లోన్ కంపెనీ ఎక్కువ వడ్డీకి తెచ్చిన అప్పులు కూడా బ్యాంక్ నెత్తి మీదకి వచ్చాయి. వాటిని తీర్చి, వాటి స్థానంలో చవక డిపాజిట్లు తెచ్చుకుంటే మార్జిన్ కోలుకుంటుంది. మార్కెట్ ఎదురుచూసింది దీని కోసమే. ఆ నమ్మకంతోనే అక్టోబర్ చివర్లో 1,500 కింద ఉన్న షేరు జనవరికి 1,680 దాకా వచ్చింది.

రిజల్ట్స్‌లో ఏముంది? మార్జిన్ మళ్లీ 3.4. కదల్లేదు. ఆ మూడు నెలల్లో ఇచ్చిన అప్పులు లక్ష కోట్లకి పైగా పెరిగితే, డిపాజిట్లు 41 వేల కోట్లే పెరిగాయి. అంటే చవక డబ్బు అనుకున్నంత వేగంగా రావట్లేదు. కోలుకోవడానికి ఇంకా టైమ్ పడుతుంది. ఆ కోలుకోవడానికి ముందే డబ్బు కట్టినవాళ్లు అమ్మేశారు. లాభం తగ్గిందని కాదు, అనుకున్న టైమ్‌కి రాదని.

మరి మార్కెట్ చెప్పిందే వేదమా? కాదు. ఆ షేరు ఫిబ్రవరిలో 1,400 కిందికి కూడా పోయింది. అదే షేరు జులై మొదట్లో 1,750 దాటింది. ఆశ ఎక్కువైనట్టే నిరాశ కూడా ఎక్కువవుతుంది. కాబట్టి పడిన ప్రతి షేరూ చెడ్డదీ కాదు, చవకదీ కాదు.

ఈసారి రిజల్ట్స్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు కొనే బటన్ నొక్కే ముందు మూడు చూడండి. ఒకటి, గత రెండు మూడు నెలల్లో షేరు ఎంత పెరిగింది? బాగా పెరిగి ఉంటే మంచి వార్తకి ఇంకొకరు ముందే డబ్బు కట్టేశారన్నమాట. రెండు, లాభం దేనితో పోల్చి పెరిగింది? మధ్యలో విలీనం జరిగిందా, ఆస్తి ఏదైనా అమ్మితే ఒక్కసారి వచ్చిన డబ్బా? మూడు, ఆ కంపెనీ విషయంలో అందరూ ఎదురుచూస్తున్న ఒక్క అంకె ఏది? బ్యాంక్‌కైతే మార్జిన్, డిపాజిట్లు. ఐటీ కంపెనీకైతే రాబోయే ఏడాది ఆదాయం గురించి వాళ్లిచ్చే అంచనా. అది రిజల్ట్స్ తర్వాత మేనేజ్‌మెంట్ మాట్లాడే కాల్‌లో దొరుకుతుంది, చాలా కంపెనీలు దాని ట్రాన్స్‌క్రిప్ట్ ఎక్స్ఛేంజ్ సైట్‌లో పెడతాయి.

ఈ మూడూ చూసినా రేపు షేరు పెరుగుతుందో పడుతుందో చెప్పలేం. నేనూ చెప్పలేను. కానీ పడినప్పుడు ఎవర్నో తిట్టుకోకుండా, నేను ఏ నమ్మకానికి ఎంత కట్టాను అని అడగొచ్చు. ఆ ప్రశ్నకి జవాబు లేకపోతే, ఆ రోజు కొనకపోవడమే మంచిది.

మీ దగ్గరున్న ఏదైనా షేరు రిజల్ట్స్ తర్వాత ఇలా పడి ఉంటే కామెంట్‌లో రాయండి. మార్కెట్ దాని నుంచి ఏ అంకె కోరుకుందో వచ్చే ఎపిసోడ్‌లో కలిసి వెతుకుదాం. ఉంటానండి.