ప్యాచ్ ఒక్కటే చాలనప్పుడు

నిద్ర లేచిన పది నిమిషాల్లో మొదటి సిగరెట్, రోజుకు పాతిక. అలాంటి లారీ డ్రైవర్‌ ఒకరు నికోటిన్ ప్యాచ్ వేసుకున్నారనుకుందాం. వారం తిరక్కుండానే ధాబాలో టీ తాగుతూ మళ్లీ వెలిగించారు.

లోపం పట్టుదలలో లేదు. 21 మిల్లీగ్రాముల ప్యాచ్ చర్మం గుండా రోజంతా నెమ్మదిగా నికోటిన్ అందిస్తుంది. టీ గ్లాసు చూడగానే ఎగసే కోరికను అది అందుకోలేదు. అందుకే ప్యాచ్ తీయకుండానే వైద్యులు నికోటిన్ గమ్ జోడిస్తారు. లేచిన అరగంటలోపే కాల్చేవారికి సాధారణంగా 4 మిల్లీగ్రాములది.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే: దాన్ని బబుల్‌గమ్‌లా నమిలేస్తారు. ఘాటు తగిలేదాకా మెల్లగా నమిలి, బుగ్గన పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి, అలా అరగంట. నికోటిన్ ఒంటికి పట్టేది బుగ్గ లోపలి పొర నుంచే. ఊరిన రసం మింగేస్తే ఎక్కిళ్లు, వికారం వస్తాయి. టీ, కాఫీల్లోని ఆమ్లం తగిలితే నికోటిన్ సరిగా పట్టదు. కాబట్టి మన డ్రైవర్ గమ్ పని ముగించాకే టీ అందుకోవాలి.

ప్యాచ్, గమ్ రెండూ కలిపి వాడితే, ఒక్కటే వాడినవారి కంటే మానేవారు దాదాపు పాతిక శాతం ఎక్కువని కాక్రేన్ సమీక్షలు చెబుతున్నాయి. అద్భుతమేమీ కాదు, కానీ నిజమైన తేడా. గుండె దడ, వికారం మొదలైతే మోతాదు ఎక్కువైందేమో చూడాలి. గర్భిణులు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు ముందే డాక్టర్ను అడగాలి. సలహాకు జాతీయ క్విట్‌లైన్ 1800 11 2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.